క్రెడిట్ కార్డు మీద 24.99% అని ఉంది, రోజువారీ చక్రవడ్డీ కలిపితే ఏడాదికి నిజంగా ఎంత పడుతది?

ఓరుగల్లు_ఇర్వింగ్

అందరికి నమస్తే. డాలస్ దగ్గర ఇర్వింగ్‌ల ఉంటున్న. ఇండియా టికెట్లు, కారు రిపేరు కలిసి ఒకే కార్డు మీద 4,000 డాలర్లు పడ్డయ్, ఒక్కసారి కట్టేటట్టు లేదు కాబట్టి నెలనెల కొంత కడుతున్న. స్టేట్‌మెంట్ చివర్ల ఏపీఆర్, అంటే ఏడాది వడ్డీ రేటు, 24.99% (v) అని ఉన్నది. మా రూమ్మేటు ఏమంటడంటే, అది పేరుకే 24.99, రోజువారీ చక్రవడ్డీ కాబట్టి నిజం రేటు 28 దాటుతది అని.

ఇగ ఈ నెల సంగతి. 30 రోజుల బిల్లు. మొదటి రోజు 4,000 ఉండె, 11వ రోజు 600 పెట్టి టైర్లు ఏయించిన, 21వ రోజు 1,000 కట్టిన. వడ్డీ 84.38 పడ్డది. నేను 4,000 మీద 24.99 ఏసి 12తోని భాగిస్తే 83.30 వస్తున్నది. దగ్గర దగ్గరనే ఉన్నది గని కలుస్తలేదు, పైగా నడుమల 1,000 కట్టిన కద, అది యాడికి పోయింది? 24.99ని అసలు ఏడాది ఖర్చుగ ఎట్ల మార్చాలె, ఈ 84.38 ఎట్ల వచ్చింది, ఎవరన్న లెక్క చేసి చూపెట్టుండ్రి.

చరణ్99

బ్రో సింపుల్. 24.99ని 12తో భాగిస్తే 2.08, అంటే మన ఊళ్ళో చెప్పుకునే రెండు రూపాయల వడ్డీ, అంతే. చక్రవడ్డీ అనేది అసలు ఏమీ కట్టకుండా వదిలేసినవాళ్ళకే, వడ్డీ పోయి అసల్లో కలిస్తేనే కదా వడ్డీ మీద వడ్డీ పడేది. నువ్వు ప్రతి నెలా వడ్డీ కంటే ఎక్కువే కడుతున్నావ్, నీకు ఏడాదికి 24.99 దాటే ప్రసక్తే లేదు. మీ రూమ్మేటు చెప్పేది పుస్తకంలో లెక్క, నీ జేబులోది కాదు.

కూకట్‌పల్లి_రాజు

24.99కే ఇంత బాధపడుతున్నారా అండి, ఇక్కడ నా కార్డు నెలకి 3.5%. మూడున్నర రూపాయల వడ్డీ! దాని మీద జీఎస్టీ 18% మళ్ళీ. పోయిన నెల 50,000 బాకీ ఉంటే వడ్డీ 1,750, జీఎస్టీ 315, మొత్తం 2,065 వేశాడు. అంటే నెలకి 4.13%, దాన్ని 12 నెలలకి చక్రవడ్డీ వేసుకుంటే ఏడాదికి 62.5% వస్తోంది. ఇది కరెక్టేనా, లేక ఎక్కడైనా ఫిర్యాదు చెయ్యొచ్చా?

ఎడిసన్_అక్క

రాజు గారూ, మీది వేరే లెక్క, చివర్లో చెప్తాను. ముందు తమ్ముడి ప్రశ్న. నేను న్యూజెర్సీలో చాలాకాలం కార్డు అకౌంట్ల పద్దులు చూసే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం విడమరిచి రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అమెరికా కార్డుల్లో ఎక్కువభాగం నెలని లెక్కలోకి తీసుకోవు, రోజునే తీసుకుంటాయి. 24.99ని 365తో భాగిస్తే రోజుకి 0.0685% దగ్గర వస్తుంది, అంటే వెయ్యి డాలర్ల బాకీ మీద రోజుకి 68 సెంట్ల చిల్లర. ఆ రోజు రాత్రికి ఎంత బాకీ ఉంటే దాని మీద ఈ రేటు వేసి, వచ్చిన సెంట్లని మర్నాటి బాకీలో కలిపేస్తారు. రోజువారీ చక్రవడ్డీ అంటే ఇదే.

ఏడాది మొత్తం ఒక్క పైసా కట్టకుండా, కొత్తగా ఏమీ కొనకుండా, లేట్ ఫీజులు పక్కన పెడితే, ఒక డాలరు ఎంతవుతుందో ఎక్సెల్లో ఇలా కొట్టి చూడు:

```
=(1+0.2499/365)^365-1
=EFFECT(0.2499,365)
```

రెండూ ఒకటే జవాబు ఇస్తాయి, 28.38%. మీ రూమ్మేటు చెప్పింది ఇదే. 4,000 మీద 1,135 డాలర్లు. చక్రవడ్డీ అస్సలు లేకపోతే అది 999.60 ఉండేది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పై సూత్రంలో 365 తీసేసి రెండు చోట్లా 12 పెట్టి చూడు, నెలకోసారి చక్రవడ్డీ అన్నమాట. 28.06% వస్తుంది. 4,000 మీద 1,122. అంటే "రోజువారీ" అన్న మాటకి నువ్వు ఏడాదికి ఇచ్చుకునేది 13 డాలర్లే. 24.99 కాస్తా 28 అవ్వడానికి అసలు కారణం రేటే అంత పెద్దది కావడం, అది ఏడాది పొడుగునా తన మీద తనే పెరుగుతూ పోవడం. అదే 6% రేటు అయితే రోజువారీ వేసినా 6.18 దాటదు, ఎవరికీ తెలియను కూడా తెలియదు.

ఓరుగల్లు_ఇర్వింగ్

అక్కా థాంక్స్. అయితే ఏడాదిది సమజైంది. గని నాకు పడ్డ 84.38 యాడికెళ్లి వచ్చింది, అది ఇంక కలుస్తలేదు. నేను కట్టిన 1,000 లెక్కల వట్టిన్రా లేదా?

ఎడిసన్_అక్క

పట్టారు. నీ నెలని మూడు ముక్కలు చేద్దాం, పదేసి రోజులు.

మొదటి పది రోజులు 4,000 మీద. రోజు రేటు పదిసార్లు చక్రవడ్డీగా వేస్తే 0.6868% అవుతుంది, అంటే 27.47. పదో రోజు చివర బాకీ 4,027.47. పదకొండో రోజు టైర్లకి 600 పడింది, 4,627.47 అయింది. దాని మీద ఇంకో పది రోజులకి 31.78. ఇప్పుడు బాకీ 4,659.25. ఇరవై ఒకటో రోజు నువ్వు 1,000 కట్టావు, 3,659.25కి దిగింది. చివరి పది రోజులకి 25.13. మూడూ కూడితే 27.47, 31.78, 25.13, మొత్తం 84.38. నీ స్టేట్‌మెంటే.

నీ 83.30 దగ్గరగా రావడం కేవలం యాదృచ్ఛికం తమ్ముడూ. పది రోజులు 600 ఎక్కువ నడిచి, పది రోజులు 400 తక్కువ నడిచి రెండూ ఇంచుమించు కొట్టుకుపోయాయి, దానికి తోడు నువ్వు నెలని 12లో ఒక భాగం అన్నావు, వాళ్ళు 30 రోజులు అన్నారు.

ఇదే నెలకి లోపల చక్రవడ్డీ లేకుండా, రోజుల సగటు బాకీ మీద వేస్తే ఎంతో కూడా చూడు. 4,000 పది రోజులు, 4,600 పది రోజులు, 3,600 పది రోజులు, సగటు 4,066.67. దాని మీద 30 రోజులకి 83.53. అంటే ఈ నెలలో రోజువారీ చక్రవడ్డీ నీ దగ్గర అదనంగా తీసుకుంది 85 సెంట్లు.

ఇప్పుడు అదే 1,000ని 21వ రోజు బదులు మొదటి రోజే కట్టేసి ఉంటే? 3,000 పది రోజులు, తర్వాత టైర్లు కలిసి 3,600 పైచిలుకు ఇరవై రోజులు, వడ్డీ 70.50 పడేది. దాదాపు 14 డాలర్లు తక్కువ. రోజువారీ లెక్కలో నువ్వు చూసుకోవాల్సింది ఇది. జీతం పడిన రోజే కార్డుకి కొట్టెయ్, డ్యూ డేట్ దాకా ఎందుకు ఆగడం? బాకీ మోస్తున్నన్నాళ్ళూ డ్యూ డేట్ అనేది లేట్ ఫీజు తప్పించుకోడానికే, వడ్డీ దాని కోసం ఆగదు.

నెమలికన్ను

అక్కా ఒక డౌటు. అన్ని కార్డులూ ఇలా రోజూ కలుపుతాయా? మా కార్డుది ఎలా తెలుసుకోవాలి, అగ్రిమెంట్ చూస్తే పదిహేను పేజీలు ఉంది, ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఎడిసన్_అక్క

అన్నీ కలపవమ్మా. కొన్ని ఊరికే సగటు బాకీ మీద నెలకోసారి వేస్తాయి, వాటిల్లో చక్రవడ్డీ నెలకోసారే జరుగుతుంది. అగ్రిమెంట్ అంతా అక్కర్లేదు, స్టేట్‌మెంట్ చివర్లో Interest Charge Calculation అని ఒక పెట్టె ఉంటుంది. అందులో Balance Subject to Interest Rate అన్న అంకె చూడు. నువ్వు చేత్తో వేసుకున్న మామూలు సగటు దానికి సమానంగా ఉంటే రోజూ కలపడంలేదు. దానికంటే కొంచెం ఎక్కువ ఉంటే వడ్డీ కూడా ఆ బాకీలో కలిసిందని అర్థం. తమ్ముడి కార్డులో మామూలు సగటు 4,066.67 కదా, నా లెక్క ప్రకారం ఆ పెట్టెలో 4,108 చిల్లర ఉండాలి.

ఓరుగల్లు_ఇర్వింగ్

ఇప్పుడే తీసి చూసిన. 4,108.22 అని ఉన్నది!! ఇన్ని రోజుల నుంచి ఆ అంకె ఏందో తెల్వకనే కిందికి జరిపేస్తున్న.

చరణ్99

అక్కా మీ లెక్క బాగుంది కానీ నా పాయింట్ అలాగే ఉంది. ఏడాది పొడుగునా ఏమీ కట్టకుండా ఎవడూ ఉండడు, ఉండనివ్వరు కూడా. ప్రతి నెలా మినిమమ్ కట్టాల్సిందే, అందులో ఆ నెల వడ్డీ మొత్తం, ఇంకా అసల్లో 1% ఉంటుంది, నా కార్డులో అయితే అలాగే ఉంది. నేను షీట్ వేశాను. 4,000తో మొదలుపెట్టి, కొత్తగా ఏమీ కొనకుండా ప్రతి నెలా వడ్డీ ప్లస్ 1% కడితే, పన్నెండు నెలల్లో కట్టే వడ్డీ 956 డాలర్లు. 956ని 4,000తో భాగిస్తే 23.9%. అది 24.99 కంటే కూడా తక్కువ! మరి 28.38 ఎక్కడినుంచి వచ్చినట్టు?

ఎడిసన్_అక్క

చరణ్, 956 కరెక్టే, నేనూ వేసి చూశాను. మినిమమ్ కడితే అప్పు కొండలా పెరిగిపోదు అన్నదీ నిజమే, ఏడాది చివర్లో బాకీ 3,545.54 ఉంటుంది. భాగించింది మాత్రం దేనితో? ఏడాదంతా నీ దగ్గర 4,000 లేదు, నెలనెలా తగ్గుతూ వచ్చింది, సగటున 3,787 ఉంది. దాంతో భాగించు, 25.24% వస్తుంది. అప్పుడే 24.99 దాటింది, ఎందుకంటే నెల లోపల రోజువారీ చక్రవడ్డీ నువ్వు మినిమమ్ కట్టినా ఆగదు.

ఇక 25.24కి, 28.38కి మధ్య తేడా ఏంటంటే, నువ్వు వడ్డీని ఏడాది చివర్లో కట్టలేదు, నెలనెలా ముందే కట్టేశావు. అప్పిచ్చినవాడు ఆ డబ్బు తీసుకుని వెంటనే ఇంకొకరికి తిప్పుకోవచ్చు. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్ళని అడుగు, నెలనెలా వడ్డీ చేతికొచ్చే అప్పు, ఏడాది చివర ఒక్కసారి వడ్డీ వచ్చే అప్పు వాళ్ళకి ఒకటేనా? మొదటిది ఎక్కువ గిట్టుబాటు. 28.38 చెప్పేది అదే. రెండు అప్పుల్లో ఏది ఖరీదో పోల్చుకోడానికి అది పనికొచ్చే అంకె, ఈ ఏడాది నీ బ్యాంకు ఖాతాలోంచి ఎన్ని డాలర్లు పోతాయో చెప్పే అంకె కాదు.

డాలర్లే కావాలంటే నీ షీటే చూడు. ఏడాదికి మొత్తం 1,410 కట్టావు, అప్పు తగ్గింది 454.

చరణ్99

అప్పిచ్చినవాడు తిప్పుకుంటే ఆ లాభం వాడిది, నాకు ఖర్చు ఎలా అవుతుంది? ఆ నెలనెలా వడ్డీ డబ్బులు నా దగ్గరుంటే నేను వాటి మీద 25% ఏమీ సంపాదించను కదా. నా మటుకు నాకు నిజమైన ఖర్చు 25.24 దగ్గరే. 28.38 బ్యాంకు వైపు నుంచి చూసే రేటు అంటే ఒప్పుకుంటా.

ఎడిసన్_అక్క

నీ దగ్గర కార్డు బాకీ ఉన్నంతకాలం ఆ డబ్బుని ఆ బాకీ మీదే వేస్తే 24.99 మిగిలినట్టే కదా, కాబట్టి సంపాదన అంతే అని నా లెక్క. వడ్డీకి పోయే ఆ 84 డాలర్లు అసలుకి పోయి ఉంటే ఆ మేరకి వచ్చే నెల వడ్డీ తగ్గేది. ఇక్కడ ఇద్దరం ఒక మాట మీదకి రాకపోయినా ఫరవాలేదు, ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, పర్సనల్ లోన్‌తో పోల్చేటప్పుడు ఒకదానికి ఏపీఆర్, ఇంకోదానికి చక్రవడ్డీ కలిపిన ఎఫెక్టివ్ రేటు పెట్టి పోల్చకు. రెండింటికీ ఒకే రకం అంకె పెట్టు, లోన్‌కి ముందు కోసుకునే ఫీజు ఉంటే అది కూడా కలుపు.

బే_ఏరియా_బాబాయ్

అమ్మా, నాకు ఎప్పటినుంచో ఒక అనుమానం. నా సేవింగ్స్ ఖాతాకి బ్యాంకు వాళ్ళు 4% ఏపీవై అని వేస్తారు, కార్డుకి మాత్రం ఏపీఆర్ అంటారు. ఒకే బ్యాంకు, ఒకే యాప్. కార్డుకి ఆ వై ఎందుకు వెయ్యరు? నేను 5,000 సేవింగ్స్‌లో అత్యవసరానికి ఉంచుకుని, కార్డు మీద కొంత బాకీ తిప్పుతూ ఉంటాను, అది సరైనదేనా?

ఎడిసన్_అక్క

బాబాయ్ గారూ, మంచి ప్రశ్న. అది బ్యాంకు ఇష్టం కాదు, రెండు వేర్వేరు చట్టాలు. అప్పుల గురించిన ట్రూత్ ఇన్ లెండింగ్ చట్టం 1968లో వచ్చింది, అందులో కార్డు ఏపీఆర్ అంటే రోజు రేటుని 365తో హెచ్చించడమే, చక్రవడ్డీ కలపరు. డిపాజిట్ల గురించిన ట్రూత్ ఇన్ సేవింగ్స్ చట్టం 1991ది, అక్కడ చక్రవడ్డీ కలిపిన ఏపీవై చూపించి తీరాలి. దాంతో ఏమైందంటే మీకు వచ్చే వడ్డీ కొంచెం పెద్దగానూ, మీరు ఇచ్చే వడ్డీ కొంచెం చిన్నగానూ కనిపిస్తాయి. పక్కపక్కన పెట్టి చూడాలంటే కార్డుది 28.38 అనుకోండి, సేవింగ్స్‌ది 4 అనుకోండి.

4,000 సేవింగ్స్‌లో ఏడాది ఉంచితే 160 వస్తుంది, దాని మీద పన్ను కూడా. అదే 4,000 కార్డు మీద మోస్తే వెయ్యి దాకా పోతుంది. ఉద్యోగం పోతే అద్దెకి కావాలి అన్న భయం ఉంటే కొంత ఉంచుకోండి, అది మీ ఇంటి పరిస్థితి, నేను కాదనలేను. మొత్తం ఉంచుకుని కార్డు తిప్పడం మాత్రం నాకు నచ్చదు.

బే_ఏరియా_బాబాయ్

సగం తీసి కార్డుకి కట్టేస్తాను. మిగతా సగం గురించి మీ పిన్నిని అడగాలి.

నెమలికన్ను

ఇంకొకటి అక్కా, నేను పోయిన నెల స్టేట్‌మెంట్‌లో ఉన్న బాకీ మొత్తం డ్యూ డేట్‌కి కట్టేశాను, అయినా ఈ నెల మళ్ళీ వడ్డీ వచ్చింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అది సరిగ్గానే పడింది అన్నారు. ఇది మోసం కాదా?

ఎడిసన్_అక్క

మోసం కాదమ్మా, కానీ ముందే తెలియకపోతే కోపం రావడం సహజం. తమ్ముడి లెక్కే తీసుకుందాం. బిల్లు ముగిసిన రోజు బాకీ 3,684.38. వచ్చే బిల్లులో 25వ రోజున అదంతా కట్టేశాడనుకో. ముందున్న 24 రోజులు ఆ డబ్బు కార్డు మీదే ఉంది, పాత బాకీ మోసుకొచ్చాడు కాబట్టి వడ్డీ పడని గడువు, అదే గ్రేస్ పీరియడ్, లేదు, ఆ 24 రోజులకి 61 డాలర్ల వడ్డీ తయారై కూర్చుంటుంది. అది స్టేట్‌మెంట్‌లో రాయలేదు, ఎందుకంటే స్టేట్‌మెంట్ ప్రింటయ్యేనాటికి ఆ రోజులు ఇంకా రాలేదు. అందుకే మొత్తం తీర్చేయాలనుకున్న రోజు స్టేట్‌మెంట్ అంకె కట్టకు, ఫోన్ చేసి ఈ రోజుకి పేఆఫ్ ఎంత అని అడుగు.

కూకట్‌పల్లి_రాజు

అక్కా నా 62.5% గురించి మర్చిపోయారు.

ఎడిసన్_అక్క

లేదండి, వస్తున్నాను. మీ 3.5%ని 12 నెలలకి వేస్తే 51.1%, అది జీఎస్టీ లేకుండా. మీరు జీఎస్టీని కూడా చక్రవడ్డీలో వేసి 62.5 అన్నారు, అక్కడ తేడా వస్తుంది. 2022లో ఆర్‌బీఐ ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్‌లో కట్టని చార్జీలు, పన్నులు అసల్లో కలిపి వాటి మీద వడ్డీ వెయ్యకూడదని ఉంది. కాబట్టి జీఎస్టీ మీకు ఖర్చే కానీ, దాని మీద మళ్ళీ వడ్డీ పడకూడదు. అంటే అసలు అంకె 62.5 కంటే కొంచెం తక్కువే. మీ రెండు వరుస స్టేట్‌మెంట్లు పక్కన పెట్టుకుని, కిందటి నెల పడిన ఆ 315 రూపాయలు ఈ నెల వడ్డీ వేసిన బాకీలో కలిసిందా లేదా చూడండి. కలిసి ఉంటే అప్పుడు ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, వాళ్ళు 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్.

కూకట్‌పల్లి_రాజు

సరేనండి, జూన్, జూలై రెండూ ఉన్నాయి, రాత్రికి చూస్తాను. కానీ మా కార్డు నిబంధనల పత్రం ఎంఐటీసీలో వడ్డీ లావాదేవీ జరిగిన రోజు నుంచి అని ఉంది, రోజూ కలుపుతారా నెలకోసారి కలుపుతారా అన్నది ఎక్కడా కనపడలేదు. ఇక్కడి కార్డులు వాడేవాళ్ళెవరైనా చేత్తో లెక్క వేసి సరిపోల్చారా?

ఓరుగల్లు_ఇర్వింగ్

రాజన్నా, నీ రోజువారీ బాకీలు పేర్లు తీసేసి ఇక్కడ పెట్టు, నేను అక్క చెప్పినట్టే మూడు ముక్కల షీట్ చేసుకున్న, నీ రేటు ఏసి రెండు తీర్లా చూద్దాం. నాది శుక్రవారం జీతం పడుతది, గదే రోజు 1,000 కొడుతున్న.